జీతం ఎనిమిదిన, బండి ఈఎంఐ ఐదున

సార్, నమస్తే. మాది ఖమ్మం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నా. జీతం 21,500. ఒకటో తారీఖు అంటారు గానీ ఏడో ఎనిమిదో అయితే గానీ పడదు. మా ఆయన బండి మీద ఫైనాన్స్ ఉంది. నెలకు 3,460, ఐదో తారీఖున నా ఖాతాలోంచే కట్ అవుతుంది. ఈ నెల ఐదున ఖాతాలో 2,870 ఉంది. ఈఎంఐ బౌన్స్ అని మెసేజ్ వచ్చింది. తక్కువైంది 590. మర్నాడే తమ్ముడితో 600 వేయించుకున్నా. అయినా ఏడున మళ్లీ బౌన్స్! ఇంటి ఓనర్‌కి రెండు నెలల అద్దె బాకీ, 12,000కి చెక్కు ఇచ్చాను. క్లియర్ అవడానికి రెండు రోజులు పడుతుంది, ఈలోపు జీతం వచ్చేస్తుందిలే అనుకున్నా. ఆయన ఎనిమిది పొద్దున బ్యాంకులో వేస్తే సాయంత్రానికే తిరిగొచ్చింది. ఆ రాత్రి ఎనిమిదింటికి జీతం పడింది. మా బ్యాంకు 1,180 కోసింది, ఫైనాన్స్ వాళ్లు 900 వేశారు, ఓనర్ గారు తన బ్యాంకు కోసిన 177 కూడా నన్నే ఇమ్మంటున్నారు. మొత్తం 2,257. పైగా "చెక్కు బౌన్స్ అంటే జైలేనమ్మా" అంటున్నారు. బ్యాంకు నుంచి ఫోన్ చేసి, ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుంటే ఇక ఈ బాధే ఉండదంటున్నారు. మా ఆయన తీసుకోమంటున్నారు. నాకేమో భయంగా ఉంది. పోయిన డబ్బులో ఏమైనా వెనక్కి వస్తుందా? ఓనర్ గారి సంగతి ఏం చేయాలి? ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోనా వద్దా?
— పేరు వద్దు సార్

అమ్మా, ముందు ఓనర్ గారి సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో తొందరపడాల్సింది అదొక్కటే.

జైలు అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. అలాగని ఈ రోజు బౌన్స్ అయితే రేపు పోలీసులు ఇంటికి రారు. ఇది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కిందికి వస్తుంది. అద్దె బాకీ అంటే చట్టప్రకారం తీర్చాల్సిన అప్పే కాబట్టి మీ చెక్కుకు ఆ సెక్షన్ వర్తిస్తుంది. అయితే దానికో వరుస ఉంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా ఆయన మీకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు మీ చేతికి అందాక డబ్బు కట్టడానికి మీకు 15 రోజుల గడువు ఉంటుంది. అప్పుడూ కట్టకపోతేనే, ఆ తర్వాత నెలలోపు ఆయన మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయగలరు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నోటీసు అందాక ఆ 15 రోజుల్లో డబ్బు కట్టేసినవాళ్ల మీద ఈ కేసు నిలబడదు.

మీరు నోటీసుదాకా తెచ్చుకోనక్కర్లేదు. జీతం పడింది కాబట్టి ఇవాళే 12,000 ఆయన ఖాతాకు యూపీఐలోనో నెఫ్ట్‌లోనో పంపండి. 177 కూడా కలిపి పంపండి. అది ఇవ్వాలా వద్దా అని వాదించొచ్చు గానీ, 177 రూపాయల కోసం ఓనర్‌తో మాట పెంచుకోవడం నాకు నచ్చదు. నగదుగా మాత్రం ఇవ్వొద్దు, ఇచ్చినట్టు ఆధారం మిగలాలి. ఇక్కడే చాలామంది మర్చిపోయే పని ఒకటుంది: ఆ చెక్కు వెనక్కి అడిగి తీసుకోండి, దాంతోపాటు బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో కూడా. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలదాకా అది చెల్లుతుంది. ఒకసారి తిరిగొచ్చిన చెక్కును ఆ గడువులో మళ్లీ బ్యాంకులో వేయొచ్చు. మీరు యూపీఐలో డబ్బు కట్టేశాక, పొరపాటునే అనుకోండి, ఆయన మళ్లీ వేస్తే ఉన్న డబ్బు రెండోసారి పోతుంది. డబ్బు లేకపోతే చెక్కు బౌన్స్ చార్జీ కింద ఇంకో 590 పోతుంది. చెక్కు దొరకడం లేదని ఆయనంటే, ఫలానా నంబరు చెక్కు డబ్బు ముట్టిందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకుని, ఆ నంబరు చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని మీ బ్యాంకుకు చెప్పండి, దీన్నే స్టాప్ పేమెంట్ అంటారు. దానికి బ్యాంకు కొంత చార్జీ తీసుకుంటుంది. ఒక మాట గుర్తుంచుకోండి. బాకీ తీర్చాక పెడితేనే స్టాప్ పేమెంట్ రక్షణ. తీర్చకుండా పెడితే 138 నుంచి తప్పించుకున్నట్టు కాదు.

ఇక డబ్బు ఎలా పోయిందో చూద్దాం, ఎందుకంటే మీ ఆరో తారీఖు ప్రయత్నం ఎందుకు పారలేదో అందులోనే ఉంది. ఐదున 590 తక్కువై ఈఎంఐ తిరిగిపోయింది. వెంటనే మీ బ్యాంకు రిటర్న్ చార్జీ 250, దాని మీద 18 శాతం జీఎస్టీ 45, మొత్తం 295 తీసుకుంది. ఖాతాలో మిగిలింది 2,575. అంటే ఈఎంఐకి ఇప్పుడు కావలసింది 590 కాదు, 885. మీరు పాత లెక్క మీదే 600 వేయించుకున్నారు. ఏడున ఫైనాన్స్ వాళ్లు రెండోసారి పంపేసరికి ఖాతాలో 3,175 ఉంది, ఇంకా 285 తక్కువ. మళ్లీ తిరిగింది, మళ్లీ 295 పోయి 2,880 మిగిలింది. ఆ తర్వాత చెక్కుకు 500, జీఎస్టీ 90, కలిపి 590. ఆరోతారీఖున మీరు 600 బదులు 900 వేయించుకుని ఉంటే రెండో దెబ్బ తగిలేదే కాదు.

అందుకే ఒకసారి బౌన్స్ అయ్యాక ఎంత వేయాలో మనసులో లెక్క కట్టొద్దు. యాప్‌లో మినీ స్టేట్‌మెంట్ తెరిచి, బౌన్స్ చార్జీ అని చెప్పే NACH RTN CHG లాంటి ఎంట్రీ పడిందో లేదో చూసి, పడకపోతే పడుతుందనే లెక్కేసుకుని డబ్బు వేయండి. కొన్ని బ్యాంకులు ఈ చార్జీని అదే రోజు కోయవు, రెండు మూడు రోజులాగి కోస్తాయి. అప్పటికి ఖాతాలో డబ్బు లేకపోతే అది బాకీగా రాసిపెట్టుకుని జీతం పడగానే పట్టుకుంటాయి. "జీతం పడగానే ఎవరో తీసేసుకున్నారు" అంటూ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

అసలు తిప్పలు మాత్రం తారీఖుల దగ్గరున్నాయి. చాలామంది పెట్టుకునే రెండు నమ్మకాలు ఒకప్పుడు నిజమే, ఇప్పుడు కావు. చెక్కు క్లియర్ అవడానికి రెండు రోజులు పడుతుందన్నది మొదటిది. 2025 అక్టోబరు 4 నుంచి రిజర్వు బ్యాంకు ఆ పద్ధతి మార్చేసింది. పగటిపూట బ్యాంకులు చెక్కుల బొమ్మలను ఎప్పటికప్పుడు పంపుతూనే ఉంటాయి. డబ్బు ఇవ్వాల్సిన బ్యాంకు ఔనో కాదో అదే రోజు సాయంత్రం ఏడింటిలోగా చెప్పేయాలి. మీ జీతం రాత్రి ఎనిమిదింటికి పడింది, చెక్కు తీర్పు అప్పటికే అయిపోయింది. కాబట్టి ఇక మీదట చెక్కు ఇచ్చే రోజున డబ్బు ఖాతాలో ఉండి తీరాలి. "రేపు వేయండి" అని చెప్పడం కన్నా చెక్కు మీద తేదీనే ముందుకు వేసి ఇవ్వడం మేలు. పదో తారీఖు వేసిన చెక్కును ఎనిమిదిన వేసినా బ్యాంకు చెల్లించదు, తేదీ రాలేదని తిప్పుతుంది. కానీ పది వచ్చాక మాత్రం మూడు నెలల్లో ఏ రోజైనా అది మీ ఖాతా తలుపు తట్టొచ్చు.

రెండో నమ్మకం మీరు రాయలేదు గానీ చాలామందికి ఉంటుంది: ఐదో తారీఖు ఆదివారమో పండగో అయితే ఈఎంఐ మర్నాడు కట్ అవుతుందని. ఈఎంఐలు కట్ అయ్యే ఆ విధానం పేరు నాచ్. 2021 ఆగస్టు 1 నుంచి అది సెలవు రోజుల్లోనూ నడుస్తోంది. దసరా అయినా, రెండో శనివారమైనా కట్ అవుతుంది. పైగా అవి పొద్దున్నే గుంపుగా వచ్చి పడతాయి. ఐదున పది గంటలకు లేచి డబ్బు వేసి, "వేశాను కదా" అంటే ఉపయోగం ఉండదు. నాలుగో తారీఖు రాత్రికి ఉండాలి.

పోయినదాంట్లో వెనక్కి ఎంత వస్తుందో నిజాయితీగా చెప్తా. మీ బ్యాంకు కోసిన 1,180లో తప్పుగా కోసింది నాకు కనిపించడం లేదు. చెక్కు తిరిగినందుకు చార్జీ, ఖాతాదారు తప్పు ఉన్నప్పుడే వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బొమ్మ సరిగా రాలేదనో, బ్యాంకులో సాంకేతిక లోపమనో చెక్కు తిరిగితే మీ దగ్గర పైసా తీసుకోకూడదు. కానీ మీ మెమో మీద కారణం "డబ్బు చాలదు" అనే ఉంటుంది. అది మన తప్పు కిందికే వస్తుంది. అయినా బ్రాంచికి వెళ్లి మేనేజరు గారికి ఒక కాగితం రాసివ్వండి. ఒకే వాయిదాకు రెండు రోజుల తేడాతో రెండుసార్లు చార్జీ పడిందని, మధ్యలో మీరు 600 వేసింది స్టేట్‌మెంట్‌లో కనిపిస్తోందని, ఇంతకుముందు ఎప్పుడూ బౌన్స్ కాలేదని (అది నిజమైతేనే), ఒక చార్జీ వెనక్కి ఇప్పించమని. ఇది మీ హక్కు కాదు, ఆయన ఇష్టం. కానీ మొదటిసారి పొరపాటు పడ్డ జీతం ఖాతా వాళ్లకు బ్యాంకులు అప్పుడప్పుడు ఇస్తాయి. ఫోన్‌లో కస్టమర్ కేర్‌ని అడిగితే సాధారణంగా ఒప్పుకోరు. బ్రాంచిలో కాగితం మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

ఫైనాన్స్ వాళ్ల దగ్గర మీకు కాస్త బలమైన మాట ఉంది. ఒక్క వాయిదాకు 450 చొప్పున రెండుసార్లు వేశారు. అలా ప్రతిసారీ వేయొచ్చని మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఉందో లేదో చూడాలి. లోన్ పత్రాల్లో చార్జీల పట్టిక అని ఒక పేజీ ఉంటుంది, కొత్త లోన్లకైతే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని వేరే కాగితమే ఇస్తారు. అందులో "ఒక్కో బౌన్స్‌కి" అని ఉంటే ఏం చేయలేం. "ఒక్కో వాయిదాకి" అని ఉంటే రెండో 450 అడగడానికి వీల్లేదు. ఇంకోటి కూడా చూడండి. ఆలస్యానికి జరిమానా వేస్తే వేయొచ్చు గానీ దాన్ని అసలులో కలిపి దాని మీద వడ్డీ లాగకూడదని రిజర్వు బ్యాంకు 2024 నుంచి నియమం పెట్టింది. మెయిల్‌లో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు అన్యాయంగా ఉన్నా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు. సాయానికి 14448 నంబరు ఉంది. అయితే పట్టికలో ఉన్న చార్జీని జాలిపడి తీసేయడం అంబుడ్స్‌మన్ పని కాదు. పట్టికను దాటి వేసినప్పుడే అక్కడికి వెళ్లడంలో అర్థముంది.

ఇప్పుడు మీ ఆయన మాట. ఆయన చెప్పింది తీసిపారేయాల్సింది కాదు, లెక్క చూస్తే ఆయన వైపే ఉంది. మన దగ్గర మామూలు సేవింగ్స్ ఖాతాలో డబ్బు చాలకపోతే బ్యాంకు చెక్కును తిప్పుతుంది, తన డబ్బు వేసి చెల్లించదు. అలా చెల్లించాలంటే ముందే ఒప్పందం ఉండాలి, దాన్నే ఓవర్‌డ్రాఫ్ట్ అంటారు. వడ్డీ ఏడాదికి 18 శాతం అనుకుందాం. ఐదున 590 బ్యాంకు ఇచ్చేది, మూడు రోజులకు వడ్డీ 90 పైసలు కూడా కాదు. ఎనిమిదిన చెక్కుకు మరో 12,000 ఇచ్చేది, ఒక్క రోజుకు దాదాపు ఆరు రూపాయలు. మొత్తం ఏడు రూపాయలతో పోయేదానికి మీరు 2,257 కట్టారు. ఇది చూస్తే ఎవరైనా తీసుకోమనే అంటారు.

కానీ ఆ ఏడు రూపాయల లెక్క మూడు రోజుల్లో తిరిగి కట్టేసేవాళ్లది. ఓవర్‌డ్రాఫ్ట్ వచ్చాక యాప్‌లో కనిపించే అంకె మారిపోతుంది. 20,000 లిమిట్ ఇస్తే, మీ ఖాతాలో 2,870 ఉన్న రోజున "అవైలబుల్ బ్యాలెన్స్" అని 22,870 చూపిస్తుంది చాలా బ్యాంకుల్లో. ఆ అంకె చూసి అద్దె, కిరాణా, పిల్లల ఫీజు కట్టేస్తాం. నాలుగైదు నెలలకు జీతం పడేది గుంత పూడ్చడానికే అవుతుంది. లిమిట్ మొత్తం వాడేసి అక్కడే ఆగిపోతే నెలకు 300 వడ్డీ, అంటే మీరు బౌన్స్ చార్జీ కట్టినట్టే, కాకపోతే బౌన్స్ లేకుండా. నేను బ్యాంకులో ఉండగా చూసినంతలో ఓవర్‌డ్రాఫ్ట్ మనుషులు రెండు రకాలు: ఏడాదికి నాలుగుసార్లు ముట్టుకునేవాళ్లు, ఏడాది పొడుగునా అందులోనే ఉండేవాళ్లు. మీరు ఏ రకమవుతారో నాకన్నా మీకే బాగా తెలుసు.

తీసుకోవాలనిపిస్తే ఫోన్‌లో ఒప్పుకోవద్దు, ఓటీపీ అసలే చెప్పొద్దు. ఫోన్ చేసింది బ్యాంకు వాళ్లేనన్న గ్యారంటీ కూడా లేదు. బ్రాంచికి వెళ్లి అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, ఏటా రెన్యువల్ ఫీజు ఎంత? వాడకపోయినా ఏమైనా కట్టాలా? వడ్డీ వాడిన మొత్తం మీద, వాడిన రోజులకేనా? ఈ నాలుగు ముక్కలకు సూటిగా జవాబు రాకపోతే వాళ్లు అమ్ముతున్నది ఓవర్‌డ్రాఫ్ట్ కాదు, ఈఎంఐ ఉన్న పర్సనల్ లోన్ అయి ఉండొచ్చు. తీసుకుంటే లిమిట్ మాత్రం 5,000కి మించి అడగకండి. మీ ఈఎంఐ తడబాటుకు అంత చాలు. అంతకన్నా పెద్ద చెక్కు ఇవ్వాల్సొస్తే జీతం పడ్డాకే ఇవ్వండి. ఏడాదికి ఫీజే 590 అయితే ఈ లిమిట్‌కి అది దండగ. అప్పుడు వేరే దారి చూడాలి.

వేరే దారి ఏదంటే, నా ఓటు ఈఎంఐ తారీఖు మార్పించడానికే. ఫైనాన్స్ కంపెనీకి రాసి, జీతం ఎనిమిది దాకా పడట్లేదు, వాయిదాను పది లేదా పన్నెండుకు మార్చమని అడగండి. ఆసుపత్రి ఇచ్చిన జీతం స్లిప్పులు, జీతం పడ్డ తేదీలు కనిపించే మూడు నెలల స్టేట్‌మెంట్ జతచేయండి. కొన్ని కంపెనీలు మారుస్తాయి, కొన్ని తమ సిస్టమ్‌లో ఉన్న రెండు మూడు తారీఖుల్లోనే ఒకటి ఎంచుకోమంటాయి, కొన్ని మార్చనే మార్చవు. మారిస్తే మధ్యలో పెరిగే ఐదారు రోజులకు కొద్దిగా వడ్డీ పడుతుంది, మీ ఖాతాలోంచి కట్ చేసుకోవడానికి మీరిచ్చే అనుమతి పత్రం, అంటే కొత్త మ్యాండేట్ మీద సంతకం అడుగుతారు. కొత్తది ఎక్కడానికి కొంత టైం పడుతుంది, ఆలోగా పాత తారీఖునే ఒకసారి కట్ కావొచ్చు. కాబట్టి వచ్చే ఐదుకు మాత్రం డబ్బు సిద్ధంగా పెట్టుకోవాల్సిందే.

వాళ్లు ఒప్పుకోకపోతే రెండో దారి ఇలా ఉంటుంది. ఇప్పుడు మీ ఖాతాలో 23,790 ఉండాలి, మధ్యలో ఖర్చు చేయకపోతే. ఓనర్‌కి 12,177 పోతుంది. బండికి ఈ నెల 3,460, చార్జీలు 900 కట్టేస్తే 7,253 మిగులుతుంది. ఇందులోంచే వచ్చే ఐదుకు మళ్లీ 3,460 కావాలి, ఎందుకంటే అప్పటికి జీతం పడదు. కాబట్టి ఈ రోజే 3,460ని పక్కకు తీసేయాలి, మిగిలిన 3,793 ప్లస్ మీ ఆయన సంపాదనతో నెల గడపాలి. ఈ ఒక్క నెల బిగువుగా ఉంటుంది, దాచడం తప్పదు. కానీ ఒకసారి ఈ ముందు వాయిదా ఖాతాలో కూర్చుంటే, ప్రతి నెలా ఐదున అది పోతుంది, ఎనిమిదిన జీతంలోంచి మళ్లీ దాని చోట ఇంకొకటి పెడతారు. తర్వాతి నెలలకు కొత్త భారం ఉండదు. ఈ 3,460ని పక్కకు తీయడమంటే వేరే బ్యాంకులో పెట్టడం కాదు, ఈఎంఐ కట్ అయ్యే ఆ ఖాతాలోనే ఉంచాలి. అక్కడుంటే ఖర్చైపోతుందన్న భయముంటే, రోజువారీ ఖర్చులకు ఇంకో జీరో బ్యాలెన్స్ ఖాతా తీసి, యూపీఐని దానికి కట్టేయండి. జీతం ఖాతాను ఈఎంఐ, చెక్కుల కోసమే వదిలేయండి. టీకి ఇచ్చే పది రూపాయలు కూడా ఈఎంఐ ఖాతాలోంచే పోతుంటే ఐదున 590 తక్కువ కావడంలో వింత లేదు.

చేతిలో ఒక పది పదిహేను వేలు పడ్డప్పుడు, చీటీ డబ్బో బోనసో, దాన్ని స్వీప్ ఎఫ్‌డీగా పెట్టించండి. డబ్బు ఎఫ్‌డీలో ఉంటుంది. ఖాతాలో తక్కువైన రోజున ఆ మేరకు ఎఫ్‌డీ దానంతటదే విరిగి ఈఎంఐ కట్ అవుతుంది. విరిగిన ముక్క మీద కొంత వడ్డీ తగ్గుతుంది, అంతే. ఓవర్‌డ్రాఫ్ట్ చేసే పనే ఇది కూడా చేస్తుంది, కాకపోతే మీ డబ్బుతో.

ఈఎంఐని ముందే మీరే యూపీఐలో కట్టేస్తే సరిపోదా అని అడుగుతారేమో. సరిపోతుంది గానీ ఒక ఇబ్బంది ఉంది. ఐదో తారీఖున కట్ చేయమనే ఫైలును కంపెనీలు రెండు మూడు రోజుల ముందే పంపేస్తాయి. మీరు నాలుగున కట్టినా ఐదున మ్యాండేట్ వచ్చి తగులుతుంది. డబ్బుంటే రెండుసార్లు పోతుంది, తర్వాత వెనక్కి ఇస్తారు లేదా వచ్చే వాయిదాలో సర్దుతారు. లేకపోతే కట్టేసిన వాయిదాకే బౌన్స్ పడుతుంది. అలా కట్టాలనుకుంటే ముప్పయ్యో తారీఖులోపే కట్టి, వచ్చే ఐదున కట్ చేయడానికి పంపొద్దని మెయిల్ పెట్టండి.

చెక్కుల గురించి ఒక్క అలవాటు చాలు. చెక్కు రాసిన క్షణమే ఆ మొత్తాన్ని మీ దృష్టిలో ఖర్చు కిందే కొట్టేయండి. చెక్కు పుస్తకంలో మొదటి పేజీలో చెక్కు నంబరు, తేదీ, ఎవరికి, ఎంత అని రాసుకునే గళ్లు ఉంటాయి, ఎవరూ వాడరు. అక్కడ రాసి, పక్కన బ్యాలెన్స్ తీసి వేసుకోండి. యాప్ చూపించే బ్యాలెన్స్‌కు మీ చెక్కు ఓనర్ గారి బీరువాలో ఉన్న సంగతి తెలియదు. అసలు అద్దెకు చెక్కు ఎందుకు? నెల నెలా యూపీఐలో పంపిస్తే డబ్బు లేని రోజు పంపడమే కుదరదు, చార్జీ అన్న మాటే ఉండదు.

చివరగా ఒక హెచ్చరిక. ఇంత గొడవ పడ్డాక "ఈ బ్యాంకే వద్దు, ఖాతా మూసేసి ఇంకో బ్యాంకుకు పోదాం" అనిపిస్తుంది. బండి లోన్ ఇచ్చేటప్పుడు ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఏమైనా తీసుకున్నారా గుర్తు చేసుకోండి. చాలాచోట్ల రెండు మూడు తీసుకుంటారు. ఖాతా మూసేశాక ఆ చెక్కు వస్తే "ఖాతా లేదు" అని తిరుగుతుంది, అది కూడా 138 కిందికే వస్తుంది. మారాలనుకుంటే ముందు కొత్త ఖాతాకు మ్యాండేట్ మార్పించి, ఒక వాయిదా అక్కడ కట్ అవడం కళ్లారా చూసి, పాత చెక్కులు వెనక్కి తీసుకుని, అప్పుడు మూయండి.